గోడౌన్లలో బేళ్ల ఎత్తు ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

దసరా, దీపావళి సరుకు దిగే రోజుల్లో విజయవాడ బట్టల గోడౌన్లలో కాలు పెట్టే సందు ఉండదు. వన్‌టౌన్ పాత గోడౌన్లలో చాలావాటికి మంటలంటుకుంటే కప్పు నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లే లేవు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నేను రాసేది స్ప్రింక్లర్లు పెట్టించాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ల గురించి.

బీమా తనిఖీ పనిమీద ఈమధ్య ఊరి శివార్లలో ఒక గోడౌన్‌కు వెళ్లాను. కప్పు కింద 16 అడుగుల ఎత్తున స్ప్రింక్లర్లు, వాటి కింద పద్నాలుగున్నర అడుగుల దాకా బేళ్లు. గుమస్తా టేపు పెట్టి మరీ చూపించాడు. "18 అంగుళాలు వదలమన్నారండీ, వదిలాం" అన్నాడు. కొలత సరిగ్గానే ఉంది. ఆపాటి ఖాళీ ఉంటేనే నీళ్లు గొడుగులా విచ్చుకుని పక్క బేళ్ల మీద కూడా పడతాయి. సరుకు స్ప్రింక్లర్‌ను తాకుతూ ఉంటే ఆ ఒక్క బేలు తడుస్తుంది, పక్క దొంతర పొడిగానే ఉండిపోతుంది.

ఆఫీసు బీరువాలోంచి స్ప్రింక్లర్ డ్రాయింగ్ తీయించి చూస్తే మాత్రం అందులో సరుకు ఎత్తు 10 అడుగులని ఉంది. ఆ 18 అంగుళాలు నీళ్లు పరుచుకోవడానికి వదిలే ఖాళీ మాత్రమే. సరుకు ఎంత ఎత్తు పేర్చవచ్చో అది చెప్పదు. ఎత్తు తేల్చేవి పంపు, ట్యాంకు, పైపుల సైజు. ఆ గోడౌన్ లెక్క చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్లు. ఒక్కో స్ప్రింక్లర్ 12 చదరపు మీటర్లు చూసుకోవాలి, అంటే నిమిషానికి 60 లీటర్లు. పదడుగుల దొంతరకు వేసిన లెక్క అది.

మంట బేళ్ల మధ్య సందుల్లోంచి నిలువుగా పాకుతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ వేగమూ పెరుగుతుంది. 68 డిగ్రీల వేడికి స్ప్రింక్లర్‌లోని ఎర్ర గాజు బల్బు పగిలి నీళ్లు మొదలయ్యేసరికే పద్నాలుగడుగుల దొంతర కింది నుంచి పై దాకా అంటుకుని ఉంటుంది. పైకి తన్నే వేడికి నీటి చినుకులు మంట మొదలు దాకా దిగవు. ఆ వేడికే చుట్టుపక్కల బల్బులూ ఒక్కొక్కటిగా పగులుతాయి. నీళ్లు అన్నిటికీ పంచుకుపోయి ప్రెషర్ పడిపోతుంది, ట్యాంకు కూడా ముందే ఖాళీ అవుతుంది. ఆ ఎత్తుకు సరుకును బట్టి రెండు మూడు రెట్లు నీళ్లు కావాలి. పాలిస్టర్ చీరలు ప్లాస్టిక్ కవర్లలో ఉంటే అసలు పదడుగులే ఎక్కువ.

నడవాల సంగతీ అంతే. ఇలాంటి గోడౌన్లలో ఒక్కో దొంతర 50 చదరపు మీటర్లు మించకూడదనీ, చుట్టూ 2.4 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిదడుగులు ఖాళీ ఉండాలనీ యూరప్ స్ప్రింక్లర్ ప్రమాణం చెబుతుంది. ఒక దొంతర వేడికి ఎదుటిది అంటుకోకుండా ఆ దూరం ఆపుతుంది. నేను చూసినచోట నేలమీద పసుపు గీతలు ఎనిమిదడుగులకే గీశారు. వాటి మీద రెండు వరసల అట్టపెట్టెలు దించి ఉన్నాయి. "లారీ రాగానే ఎత్తేస్తాం" అన్నారు ముఠా కూలీలు. పెట్టెల మీద దుమ్ము చూస్తే ఆ లారీ ఇప్పట్లో వచ్చేలా లేదు. ఒక మూల కొత్తగా ఇనుప అటక వేసి దానికిందా సరుకు పెట్టారు. అటక కింద ఒక్క స్ప్రింక్లరూ లేదు, పైనున్నవాటి నీళ్లు కిందికి రావు.

గుంటూరు వైపు పత్తి బేళ్లు పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. తడిసిన పత్తి ఉబ్బుతుంది. గోడకు ఆనించి పేరిస్తే ఆ ఉబ్బుకు గోడే బయటికి కూలే ప్రమాదం ఉంది, మంట ఆర్పేవాళ్లు నిలబడేది అక్కడే. అందుకే గోడకూ బేళ్లకూ మధ్య కనీసం రెండడుగులు వదలాలి. పైకి ఆరినట్టు కనిపించినా బేలు లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది. బయటికి లాగి, విప్పి తడపనిదే పని పూర్తయినట్టు కాదు. నడవా లేకపోతే లాగేదెలా?

అగ్నిమాపక శాఖకు నా విన్నపం ఒకటే. ఎన్‌వోసీ కాగితంలో పంపు సామర్థ్యంతో పాటు ఏ సరుకు, ఎన్ని అడుగుల ఎత్తు అనేది రాయించండి. అదే ఎత్తులో ప్రతి స్తంభం మీదా ఎర్రగీత గీయించండి. అప్పుడు టేపుతో పని లేకుండా కూలీకి కూడా తెలుస్తుంది. తనిఖీలు గోడౌన్ సగం ఖాళీగా ఉండే ఎండాకాలంలో కాకుండా సరుకు నిండుగా ఉండే పండగ సీజన్లో పెట్టండి.

పద్నాలుగున్నర నుంచి పదికి దించితే మూడోవంతు చోటు పోతుందని యజమానులు గోల పెడతారు. అద్దెలు చూస్తే వాళ్ల బాధ అబద్ధమేమీ కాదు. ఆ ఎత్తే కావాలంటే దానికి తగ్గట్టు పెద్ద పంపు, పెద్ద ట్యాంకు, లావు పైపులు వేయించుకోవచ్చు. ర్యాకులు కట్టి, వాటి మధ్యలో కూడా స్ప్రింక్లర్లు పెట్టించుకోవచ్చు. ఖర్చు ఎంతవుతుందో డిజైన్ చేసినవాళ్లనే అడిగి తెలుసుకోవచ్చు. అది తేలేవరకు పైనున్న నాలుగున్నర అడుగుల సరుకు దించాల్సిందే.

— ఒక బీమా సర్వేయర్, విజయవాడ