పోటీ రోజు పొద్దున చదివించే ప్రారంభ పలుకుల గురించి జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

మండలంలోని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులం నమస్కారాలతో రాసుకుంటున్న లేఖ ఇది.

అయ్యా, ఇదే సంగతి మీద ఇదివరకే రెండు అర్జీలు ఇచ్చుకున్నాం. రెండింటికీ ఇన్‌వార్డ్ నంబరు పడింది, జవాబు మాత్రం పడలేదు. ఆఫీసులో మా కాగితాల మీద ఇంకా పెద్ద కాగితాలు పడి ఉంటాయని సర్దిచెప్పుకుని, మూడోసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

సంక్రాంతి సెలవులకు ముందు జరిపే పండుగ అలంకరణ పోటీ ఎందుకో, ఎలాగో తమరికి మేము చెప్పక్కర్లేదు. ఉత్తర్వు తమరిదే. మా ముఖ్యమైన బాధ అందులోని ఒక్క వాక్యంతోనే: ‘పోటీ రోజు ఉదయం ప్రధానోపాధ్యాయులు జతచేసిన ప్రారంభ పలుకులు చదివి, విద్యార్థులను సృజనాత్మకత వైపు, పునర్వినియోగం వైపు ప్రోత్సహించవలెను.’

పోటీ రోజు ఉదయం! అప్పటికి పిల్లలు సామాను కొనేసి సంచుల్లో పెట్టుకుని వచ్చి ఉంటారు. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో ఉత్తర్వు వస్తే, రాత్రి ఏడింటికి ఊళ్ళో ఫ్యాన్సీ షాపు ముందు క్యూ కడతారు. థర్మోకోల్ షీటు, తళతళలాడే గ్లిటర్ కాగితం, రంగు స్ప్రే డబ్బా, గ్లూ గన్ కడ్డీలు కొనుక్కుంటారు. తెల్లారి వాళ్ళను వరసల్లో నిలబెట్టి, ‘పారేసే వస్తువులకు ప్రాణం పోయండి పిల్లలూ’ అని మేము రెండు పేజీలు చదవాలి. వాళ్ళు చంకలో థర్మోకోల్ పట్టుకుని చప్పట్లు కొట్టాలి. ఆ ఫోటో తమరికి అప్‌లోడ్ చేయాలి.

ఆ థర్మోకోల్ మాటే తీసుకుందాం. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్రం 2021 ఆగస్టులో నోటిఫై చేసిన నిబంధనలతో 2022 జూలై 1 నుంచి నిషేధించింది. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, 100 మైక్రాన్లకన్నా పలచని బ్యానర్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఉత్తర్వులో ఆ ముక్క ఒక్క వరుసన్నా లేదు. పైగా ‘వేదిక వెనుక ఫ్లెక్సీ తప్పనిసరి’ అని ఉంది. పునర్వినియోగం మీద పోటీకి కొత్త ఫ్లెక్సీ కట్టించిన ఘనత మన జిల్లాకే దక్కాలి.

స్ప్రే రంగు థర్మోకోల్ మీద కొడితే ఏమవుతుందో కొన్న పిల్లకి తెలియదు. ఆ రంగులోని ద్రావకానికి థర్మోకోల్ కరిగిపోతుంది. గాలిపటం ఆకారంలో కోసిన షీటు మీద గుంటలు పడి, అంచులు కుంచించుకుపోయి, జల్లెడలా తయారవుతుంది. ఆ పిల్ల ఏడుస్తుంది. ఇంకో షీటు కొనుక్కురమ్మని తండ్రికి ఫోన్ వెళ్తుంది. పోటీ అయ్యాక ఈ ముక్కలన్నీ ఎక్కడికి పోతాయంటే, నాలుగు రోజుల్లో వచ్చే భోగి మంటలోకి. పాతవన్నీ మంటలో వెయ్యాలన్నది పిల్లలకు ఇంట్లో తెలిసిన మాటే. పిడకలు, భోగి దండలు, పాత కట్టె వెయ్యాల్సిన చోట థర్మోకోల్ వేస్తే నల్లటి పొగ లేచి, గొంతు పట్టేసే వాసన వస్తుంది. ప్రారంభ పలుకుల్లో ఏదైనా గట్టిగా చెప్పాలంటే ఇది చెప్పాలి. తమరు పంపిన రెండు పేజీల్లో భోగి ఊసే లేదు.

అయ్యా, మేము ముఖ్యంగా అడుగుతున్నది ఒక్కటే. ఆ పలుకులు పది రోజుల ముందు, ప్రార్థన సమయంలో, మా మాటల్లో చెప్పనివ్వండి. పది రోజులు దేనికని తమరి ఆఫీసులో ఎవరో అన్నారట. కోడిగుడ్ల అట్టతో గుమ్మం తోరణం కట్టే లెక్క చూస్తే ఆ సందేహం తీరుతుంది.

మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్లు అట్టకు 30. భోజనానికి కూర్చునేవాళ్ళు 150 మంది ఉన్న బడిలో గుడ్డు పెట్టే రోజున మిగిలేది 5 అట్టలు. 40 మంది ఉన్న తరగతిని అయిదుగురేసి జట్లు చేస్తే 8 జట్లు, జట్టుకు ఒక అట్ట చొప్పున 8 అట్టలు కావాలి. అంటే ఒక్క తరగతికే రెండు గుడ్డు రోజులు పడతాయి. పైగా గుడ్లు వేసే ఆయన ఖాళీ అట్టలు వెనక్కి పట్టుకుపోతాడు, ఆయనకు ముందే చెప్పుకోవాలి. పచ్చసొన కారి అంటుకున్న అట్టను పక్కన పడేయాలి. ఎండలో పెట్టాం కదా అని వాడకూడదు, సాల్మొనెల్లా లాంటి క్రిములు అందులో ఉండొచ్చు. శుభ్రంగా ఉన్న అట్టలు పట్టుకున్నా పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. ఇలా ఏరగా మిగిలేవి తక్కువే, అందుకే ముందునుంచీ పోగెయ్యాలి.

పోగయ్యాక పని తేలికే. ఒక్కో గుంటను విడిగా కత్తిరించి, అంచు నుంచి సగం లోతు దాకా నాలుగు చోట్ల చీరి, రేకుల్ని వెనక్కి వంచితే మూడు అంగుళాల పువ్వు వస్తుంది. గుమ్మం వెడల్పు మూడడుగులైతే, తోరణం కాస్త వేలాడాలి కాబట్టి నాలుగడుగుల పురికొస తీసుకుంటాం. పక్కపక్కనే గుచ్చితే 16 పూలు పడతాయి. ఒక్క అట్టలో 30 పూలు కాబట్టి ఇంకా 14 మిగులుతాయి, విరిగినవాటికి బదులు వాడుకోవచ్చు. దీనికి ఎవ్వరూ రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు.

తేడా వచ్చేది రంగు దగ్గర. పసుపు నీళ్ళు ఒకేసారి గుమ్మరిస్తే అట్ట నాని, రేకులు చచ్చుబడి కిందికి వాలిపోతాయి. పలచగా ఒక పూత వేసి, నీడలో ఆరాక రెండో పూత వెయ్యాలి. ఎర్రరంగు కావాలంటే పసుపులో చిటికెడు తడి సున్నం కలిపితే చాలు, ఇంట్లో పారాణి కలిపే పద్ధతే. ఆ కలిపేది పెద్దవాళ్ళు కలపాలి, సున్నం చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. ఉట్టి పసుపు ఎండ తగిలితే రెండు మూడు రోజుల్లోనే వెలిసిపోతుంది కాబట్టి రంగు మొదట్లో వేసి పెట్టుకోకూడదు, చివరి రెండు రోజుల్లోనే వెయ్యాలి. బీట్‌రూట్ రసం తెచ్చే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. అది ఆరాక మట్టిరంగుకు తిరుగుతుందని ముందే చెబితే నిరాశపడరు. తడి ఆరకముందే సంచిలో కుక్కి ఇంటికి పట్టుకెళ్తే తెల్లారేసరికి బూజు వాసన వస్తుంది.

అతికించాల్సిన చోట ఒక గ్లాసు మైదాకు అయిదు గ్లాసుల నీళ్ళు చాలు. మైదాను ముందు కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మిగతా నీళ్ళు పోసి, సన్నని సెగ మీద అడుగంటకుండా తిప్పుతూ, తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా ఉడికించాలి. వంట చేసే అమ్మలను అడిగితే అయిదు నిమిషాల్లో చేసిపెడతారు. గోడపోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా దీన్లో మైలుతుత్తం వేస్తారు. అది విషం, బడిలో వద్దు. అందుకే ఏ పూటకాపూట చేసుకోవాలి. గ్లూ గన్ మేము వద్దంటున్నది కాల్చుకుంటారనే కాదు. అట్టా, గుడ్డా, ప్లాస్టిక్కూ కలిపి దాంతో అతికిస్తే తర్వాత విడదీయలేం. పాత కాగితాలు కొనే వ్యాపారి కూడా ఆ ముద్దను తీసుకోడు. పురికొసతో ముడి వేసినదైతే నిమిషంలో విప్పేసి, వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు.

పది రోజులు ఎందుకో ఇప్పుడన్నా తేలిందనుకుంటాం. అట్టలకు ఒక వారం, కోతకు ఒకరోజు, రంగుకూ ఆరడానికీ రెండు రోజులు. తమరేమో ఒక రాత్రి ఇస్తున్నారు. ఒక రాత్రిలో అయ్యేది కొనడమొక్కటే.

ప్రార్థన సమయంలో మేము చెప్పాలనుకునేది మూడు నిమిషాలకు మించదు. అదీ రాసి పెడుతున్నాం, తప్పుంటే తమరే దిద్దండి:

‘పిల్లలూ, ఇదిగో గుడ్ల అట్ట, ఇది సుద్దముక్కల డబ్బా, ఇది చిరిగిన చీర అంచు. ఇవాళ్టి నుంచి పది రోజులు ఇలాంటివి మీ ఇంట్లో, బడిలో పారెయ్యకుండా ఒక గోనెసంచిలో వెయ్యండి. పోటీ కోసం ఏదీ కొనొద్దు. పేపర్ కప్పులు, స్ట్రాలు కొత్తవి కొని తెచ్చి ‘వేస్టుతో చేశాం సార్’ అంటే మార్కులు పడవు. చేసిన వస్తువు పక్కన ఒక చీటీ పెట్టండి: ఇది ఇంతకుముందు ఏమిటి, ఎక్కడ దొరికింది, పండగయ్యాక ఏమవుతుంది. ఆ మూడో మాటకు జవాబు లేకపోతే అది అలంకరణే కాదు. ఎలా చెయ్యాలో నేను చెప్పను. మీ గుమ్మం, మీ ఇష్టం.’

చివరి మాట కావాలనే పెట్టాం. తమరి ఉత్తర్వుతో పాటు నమూనా ఫోటో ఒకటి వచ్చింది కదా. అది నోటీసు బోర్డుకు అంటించిన బడిలో నలభై జట్లు అదే గాలిపటం చేసి పెడతాయి. పిల్లలకు సామాను చూపించాలి గానీ తయారైన వస్తువు చూపించకూడదని బొమ్మలు నేర్పే ఏ మాస్టారిని అడిగినా చెబుతారు. సృజనాత్మకతకు 10 మార్కులు పెట్టి, పక్కనే నకలు తీసుకోవడానికి ఫోటో కూడా పంపినందుకు ఏమనాలో మాకు తెలియలేదు.

మార్కుల పట్టికలో ‘ఆకర్షణ’కు సగం మార్కులున్నంతకాలం గ్లిటర్ కాగితమే గెలుస్తుంది. గుడ్ల అట్ట పువ్వు దాని పక్కన వెలవెలబోతుంది, అది మేమూ ఒప్పుకుంటాం. అందుకే చీటీకి మార్కులు కావాలంటున్నాం. ఇది రెండో అర్జీలో కూడా ఉంది, మూడో పేజీ.

కాబట్టి తమరిని వేడుకునేది: ఉత్తర్వు డిసెంబరు ఆఖరి వారంలోనే పంపండి. ప్రారంభ పలుకులు మాకే వదిలెయ్యండి. ఫ్లెక్సీ తీసెయ్యండి. నమూనా ఫోటో పంపకండి. ఇవేవీ కుదరకపోతే కనీసం ఆ ఉత్తర్వు సాయంత్రం ఆరుకు కాకుండా పొద్దున పంపండి, ఫ్యాన్సీ షాపు తెరవకముందే పిల్లలకు ఒక మాట చెప్పుకుంటాం. గుడ్లు వేసే ఆయనతో ఈసారికి మేమే మాట్లాడి పెట్టాం. సోమవారం నుంచి అట్టలు బడిలోనే ఉంచుతానన్నాడు. ఆయన ఒప్పుకోవడానికి ఒక్క ఫోన్ చాలింది.

ఇట్లు,
మండల ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు