అర షేరు డబ్బు, శాతాల లెక్క, నాలుగు గుమ్మాలు

కంపెనీ సెక్రటరీ గారికి,

విషయం: డీమెర్జర్ తర్వాత నేనడిగిన రెండు ప్రశ్నలకు జవాబు లేకపోవడం.

అయ్యా,

మీ కంపెనీ రెండుగా విడిపోయి ఎనిమిది నెలలైంది. విడిపోయినందుకు నాకు కోపం లేదు. వాటాదారుల ఓటింగులో నేనూ సరేనన్నాను. నా గొడవల్లా ఆ తర్వాత సంగతి గురించే.

పది షేర్లకు ఒక కొత్త షేరు అన్నారు. కొత్త షేర్లు ఎవరికో తేల్చే రికార్డు తేదీన నా దగ్గర 235 ఉన్నాయి. లెక్క ప్రకారం ఇరవై మూడున్నర రావాలి. 23 డీమ్యాట్‌లో పడ్డాయి. మిగిలిన అర సంగతి అడిగితే మీ కస్టమర్ కేర్ అమ్మాయి "హాఫ్ షేర్ ఉండదు సర్" అంది. ఉండదని నాకూ తెలుసమ్మా, అందుకే డబ్బు అడుగుతున్నాను! మీ స్కీమ్ పత్రంలోనే ఉంది: అందరి ముక్కలనూ కలిపి, ఒక ట్రస్టీ పేరిట మార్కెట్లో అమ్మి, ఖర్చులు పోగా వచ్చింది ఎవరి వాటా వారి బ్యాంకు ఖాతాలో వేస్తామని. ఆవిడ షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌ను అడగమంది. రిజిస్ట్రార్ కంపెనీని అడగమన్నాడు. కంపెనీవారు బ్రోకరు దగ్గరికి, బ్రోకరు డీమ్యాట్ షేర్లు దాచే డిపాజిటరీ దగ్గరికి పంపారు. డిపాజిటరీవారు చాలా మర్యాదగా మళ్ళీ రిజిస్ట్రార్ పేరే చెప్పారు. తిరుపతి కొండ మెట్లెక్కినా పైన దర్శనమైనా దొరుకుతుంది.

మధ్యలో ఒకాయన "మీ బ్యాంకు కోడ్ పాతదై ఉంటుంది" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక డీమ్యాట్‌లో పాత కోడ్ మార్చుకోనివారికి ఇలాంటి చిల్లర మొత్తాలు తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ మీ పాత కంపెనీ డివిడెండ్ మొన్ననే అదే ఖాతాలో పడింది. కోడ్ తప్పయితే అదీ రాకూడదు కదా? ఈ ప్రశ్న పంపిన మర్నాడే టికెట్ మూసేశారు. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని మెసేజ్. ఆకాశంలో ఉన్నవన్నీ మీకే.

రెండో ప్రశ్న ఇంతకంటే పెద్దది. నా పాత కొనుగోలు ధరలో ఎంత శాతం పాత కంపెనీకి, ఎంత కొత్త కంపెనీకి? ఇది మార్కెట్ ధర చూసి వేసుకునే లెక్క కాదు. కొత్త కంపెనీకి వెళ్ళిన ఆస్తుల నికర పుస్తక విలువను విభజనకు ముందున్న నెట్‌వర్త్‌తో భాగిస్తే ఆ వాటా వస్తుంది. ఆ అంకెలు మీ ఖాతా పుస్తకాల్లో ఉంటాయి, నా దగ్గర కాదు.

ఐటీసీ నుంచి హోటళ్ళు విడిపోయినప్పుడు, 2025 జనవరి 6 రికార్డు తేదీకి, వాళ్ళు ఐటీసీకి 86.49 శాతం, హోటళ్ళకు 13.51 శాతం అని స్పష్టంగా ప్రకటించారు. ఐటీసీ షేర్లు ఒక్కోటి 200 చొప్పున వంద కొన్నవారి 20,000లో 2,702 రూపాయలు, పదికి ఒకటిగా వచ్చిన పది హోటల్ షేర్లకు వెళ్ళింది, అంటే షేరుకు 270.20. పాత షేరు కొనుగోలు ధర 172.98కి తగ్గింది. ఆ హోటల్ షేరు ఎన్‌ఎస్‌ఈలో 180 దగ్గర మొదలైంది. ఉచితంగా వచ్చిందనుకుని ఆ ధరకు అమ్మినవారికి పన్ను లెక్కలో లాభం కాదు, నష్టం. ఆ శాతాల అంకె ఒక్కటే ఎంత పని చేస్తుందో చూశారా?

మీరు ఆ అంకె చెప్పలేదు కాబట్టి నా బ్రోకరు యాప్‌లో కొత్త షేర్ల కొనుగోలు ధర సున్నా. కొన్న తేదీ కూడా అవి డీమ్యాట్‌లో పడిన రోజే. నిజానికి పాత షేర్లు కొన్న రోజునుంచే గడువు లెక్కించాలి. నావి పదకొండేళ్ళ నాటివి. ఏడాది దాటిన లాభానికి 12.5 శాతం పన్ను, లోపైతే 20. యాప్‌ను నమ్మి రిటర్న్ వేస్తే లేని లాభానికి ఎక్కువ రేటు కట్టాలి. ఇది చెబితే మీ మనిషి "మీ సీఏని అడగండి" అన్నాడు. మా సీఏ మిమ్మల్ని అడగమంటున్నాడు.

పదకొండేళ్ళలో ధర సగానికి పడినప్పుడూ ఒక్క షేరు అమ్మలేదు. వార్షిక నివేదికలో "మా కుటుంబం" అని రాస్తారుగా, ఇంట్లోవాళ్ళకు ఫోన్ కూడా ఎత్తరా?

ముక్కలు ఏ రోజు, ఏ ధరకు అమ్మారో, నా అర షేరుకు ఎంతో, అది ఏ ఖాతాకు పంపారో రాయండి. శాతాల లెక్క ఎక్స్చేంజీకి తెలిపి, మీ వెబ్‌సైట్లో పెట్టండి. ఈ వారంలో రాకపోతే మదుపరుల ఫిర్యాదులు తీసుకునే సెబీ వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెడతాను. అక్కడ మీకు 21 రోజుల గడువు, నక్షత్రాలు ఉండవు. దానికీ కదలకపోతే ఆన్‌లైన్ వివాద పరిష్కారం, ఆపైన వాటాదారుల వార్షిక సమావేశం. స్పీకరుగా పేరు నమోదు చేసుకోవడం నాకొచ్చు.

ఇట్లు,
235 పాత షేర్లు, 23 కొత్త షేర్లు, ఒక అర షేరు బాకీ రావాల్సిన వాటాదారు

జతపరచినవి: డీమ్యాట్ స్టేట్‌మెంట్, డివిడెండ్ జమ పడిన పాస్‌బుక్ పేజీ, మీరు "పరిష్కరించిన" టికెట్ల నకళ్ళు.