పెట్టె మార్చిది, కార్ట్రిడ్జ్ ఆగస్టుది

"బాక్స్ ఒరిజినల్‌దే కదండీ, మరి కుళాయి డూప్లికేట్ ఎలా అయింది?" మిక్సర్ కుళాయిని మా షాపుకి వాపసు తెచ్చిన కస్టమర్ అడిగిన మాట ఇది.

పాత ఖాళీ పెట్టెలు పోగుచేసి వాటిలో నకిలీ సరుకు పెట్టి అమ్మేవాళ్లున్నారు. మేం కూడా పెట్టె చూసే నమ్మాం. తప్పు మాదే. ఆయన తెచ్చిన సింగిల్ లివర్ మిక్సర్‌ని ఆయన ఎదుటే విప్పాను.

లివర్ మీది ఎరుపు-నీలం బొత్తాం తీస్తే లోపల చిన్న స్క్రూ ఉంటుంది. అలెన్ కీతో దాన్ని వదులు చేసి లివర్ లాగేసి, కింద ఉన్న టోపీ, నట్టు విప్పితే కార్ట్రిడ్జ్, అంటే లివర్ కదిపినప్పుడు నీళ్లు వదిలే, ఆపే లోపలి ముక్క, చేతికొస్తుంది. (ఇంట్లో విప్పేవాళ్లు ముందు యాంగిల్ వాల్వులు రెండూ కట్టేయండి, లేకపోతే స్నానం అయిపోతుంది.) దాని ప్లాస్టిక్ మీద గడియారం ముఖంలాంటి చిన్న అచ్చు కనిపించింది: చుట్టూ 1 నుంచి 12 దాకా నెలలు, మధ్యలో బాణం, పక్కన సంవత్సరం. బాణం 8 మీద ఉంది, సంవత్సరం 23. పెట్టె మీద ప్యాకింగ్ తేదీ చూస్తే 2023 మార్చి. మధ్యలో ప్లంబరెవరూ కార్ట్రిడ్జ్ మార్చలేదని ఆయన చెప్పాక ఇక అనుమానం లేదు. ఆగస్టులో పోతపోసిన ముక్క మార్చిలో ప్యాక్ చేసిన పెట్టెలోకి రాదు కదా! కార్ట్రిడ్జ్ పెట్టెకంటే కొన్ని నెలలు పాతదైతే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది మామూలే. అలాగే కార్ట్రిడ్జ్ మీద వేరే పేరున్నంత మాత్రాన నకిలీ అనుకోకండి. కెరాక్స్, సెడాల్ లాంటివాళ్లు చాలా బ్రాండ్లకు ఇవి తయారుచేసి ఇస్తారు. అన్ని కార్ట్రిడ్జ్‌ల మీదా ఈ తేదీ అచ్చు ఉండదు కూడా.

తర్వాత ఆ ఖాళీ గూట్లోకి టార్చ్ వేశాం. ఇత్తడి బాడీ అయితే మరలు కోసిన చోట పసుపు మెరుస్తుంది. ఇక్కడ బూడిద రంగు, అంటే జింక్ పోత. లివర్ జింక్‌ది కావడం మంచి కుళాయిల్లోనూ ఉంటుంది, కానీ ఇత్తడి అని చెప్పి అమ్మిన బాడీ అలా ఉండకూడదు. అయస్కాంతం పెట్టి చూడమంటారు చాలామంది, దండగ. ఇత్తడికీ అంటుకోదు, జింక్‌కీ అంటుకోదు.

పూత సంగతి: ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని కుళాయి మీద పడే గీత చూడండి. మంచి పాలిష్ మీద అది తెగకుండా నున్నగా జారుతుంది. దీని మీద వణికింది, ముక్కు కింద సన్నటి గుంటలు కూడా ఉన్నాయి. లోతైన మూలల్లో కాస్త పసుపు ఛాయ ఉంటే మాత్రం దాన్నే పట్టుకోకండి. క్రోమ్ అక్కడిదాకా సరిగా పాకదు, కింది నికెల్ కనిపిస్తుంది. ఒరిజినల్ మీదా అంతే.

అదే లాట్‌లో మా దగ్గర ఇంకా ఐదు మిక్సర్లు మిగిలాయి. అన్నీ విప్పితే మూడు ఇలాంటివే. అమ్మినవాటి బిల్లులు తీసి అందరికీ ఫోన్ చేస్తున్నాం. మీదీ ఆ లాట్‌దే అయితే పెట్టె పారేసినా ఫర్వాలేదు, కార్ట్రిడ్జ్ ఫొటో పంపండి. మా మనిషి వచ్చి విప్పి చూసి, నకిలీదైతే ఖర్చు లేకుండా మార్చి వెళ్తాడు.