‘నల్లగా ఉన్నా కళగా ఉంది’: ఎస్సీఈఆర్టీ సంచాలకులకు బహిరంగ లేఖ

తెలంగాణ ఎస్సీఈఆర్టీ సంచాలకులు గారికి, హైదరాబాద్ తెలుగు ఉపాధ్యాయులం రాస్తున్నది.

తెలుగు అభ్యాసాలు తయారుచేయించేటప్పుడు సామెతలను రంగు దృష్టితో ఒకసారి చూడమని మా మనవి. ‘నలుపు’ ఉన్నవన్నీ తీసేయమనడం లేదు. ‘నల్లపూస అయ్యాడు’ అంటే కనిపించడం మానేశాడనే, ఒంటిరంగుతో పనిలేదు. ‘తెల్లబోయాడు’లో తెలుపేమీ గొప్పది కాదు. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ మెచ్చుకోలులాగే ఉంటుంది గానీ, నల్లపిల్లను ఓదార్చడానికే ఎక్కువగా వాడతారు. ఎర్రగా ఉన్న పిల్లకు ఓదార్పు సామెత ఎవరూ వెతకరు కదా!

చిక్కు ‘సొంతవాక్యం రాయండి’ దగ్గర వస్తుంది. ‘కాకి ముక్కుకు దొండపండు’ అని ఇస్తే, పిల్లలు నల్లటి పెళ్లికొడుకునీ అందమైన పెళ్లికూతుర్నీ రాస్తారు. అర్థం సరిపోయింది కాబట్టి మార్కులూ పడతాయి. అక్కడ సొంతవాక్యానికి బదులు ‘ఈ మాట ఎవరు, ఎవరిని చూసి అంటారు? కాకిని ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడగండి.

సామెతలకన్నా లోతుగా పనిచేసేది వ్యాకరణం. ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అన్న వాక్యంలో తిట్టు లేదు. ‘ఉన్నా’ మాత్రం నలుపుకీ కళకీ పడదని ముందే ఒప్పించేస్తుంది. ‘ఎర్రగా ఉన్నా కళగా ఉంది’ అని మార్చి చదివిస్తే పిల్లలు నవ్వుతారు. ఎందుకు నవ్వొచ్చిందో వాళ్లచేతే చెప్పించాలి. తర్వాత ‘నల్లగా, కళగా ఉంది’ అని రాయించాలి. ఎనిమిదో తరగతికి ఒక పీరియడ్ చాలు.

సామెతను పుస్తకంలోంచి కొట్టేస్తే ఇంట్లో వినపడుతూనే ఉంటుంది, ప్రశ్న మాత్రం పోతుంది. అందుకే ఉపాధ్యాయుల కరదీపికలో ఈ రెండు అభ్యాసాలూ చేర్చమని కోరుతున్నాం.