పర్సంటైల్ కాదు, శాతం రాయండి

సంపాదకుడు గారికి,

విశాఖలో బడిపిల్లల ఆరోగ్య కార్డుల్లో బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించిన అంకె, ఎదురుగా ‘99 పర్సంటైల్ పైన’ అని రాసి ఊరుకుంటే, బాగా లావైన పిల్లల విషయంలో అది ఏమీ చెప్పదు. అదే వయసు పిల్లలు వందమందిలో 99 మందిని మించాడని మాత్రమే దానర్థం. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2000 చార్టుల్లో ఆ చివరన పర్సంటైల్ అంకెలు కిక్కిరిసి ఉంటాయి. బీఎంఐ 33 అయినా, 38 అయినా అదే మాట వస్తుంది.

అందుకే 95వ పర్సంటైల్ గీతను 100 శాతంగా పట్టి లెక్కిస్తారు. 14 ఏళ్ల అబ్బాయికి ఆ గీత సుమారు 26. ఎత్తు 160 సెం.మీ., బరువు 84 కిలోలైతే బీఎంఐ 32.8. దాన్ని 26తో భాగించి వందతో గుణిస్తే 126 శాతం. 120 దాటినా, బీఎంఐ 35 చేరినా తీవ్ర స్థూలకాయం, అందులో రెండో స్థాయి. 140 లేదా బీఎంఐ 40 అయితే మూడోది.

ఏడాది తర్వాత అదే అబ్బాయి 168 సెం.మీ., 92 కిలోలు అనుకోండి. ఎనిమిది కిలోలు పెరిగాడని ఇంట్లో కంగారు పడతారు. కానీ 15 ఏళ్లకు గీత సుమారు 26.8, అతని బీఎంఐ 32.6. అంటే 122 శాతం, కాస్త తగ్గినట్టే!

ఎక్కువగా తప్పేది ఎత్తు దగ్గరే. నిరుటి 160నే మళ్లీ రాస్తే ఇదే బరువుకు 134 శాతం వస్తుంది. బూట్లు విప్పించి కొలవాలి, వయసు నెలలతో సహా వేయాలి. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చార్టుల గీతలు వేరు. ఈ శాతాలకు వాటిని కలపకూడదు.

ఇట్లు,
పిల్లల వైద్యులు కొందరు,
విశాఖపట్నం