ఫోటోలో పురుగు కనపడాలంటే కాయ కోయాలి సార్

జిల్లా వ్యవసాయ అధికారి గారికి,

ఒక ఏఈఓ నమస్కరించి రాయునది. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద నేను పంపిన ఫోటోలన్నింటికీ ఆఫీసు నుంచి ఒకటే జవాబు: "నష్టం స్పష్టంగా లేదు, మళ్ళీ పంపండి." చేను పచ్చగా, కాయ నున్నగా ఉన్న ఫోటో చూస్తే ఎవరైనా అదే అంటారు. ఈ పురుగు తీరే అంత. గుడ్డు పగిలిన వెంటనే వెంట్రుకంత పిల్ల పురుగు కాయలోకి దూరుతుంది, ఆ రంధ్రం పూడిపోతుంది. లోపల గింజ తింటుంటే బయట మచ్చ కూడా ఉండదు. ఆకు మీద కనబడే పురుగైతే నాకీ తిప్పలే లేవు.

అందుకే ఈసారి కాయలు కోసి తీశాను. జిన్నింగు మిల్లు పక్క చేనులో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోస్తే 6 కాయల్లో పురుగుంది. 20కి 2 కాయల్లో కనబడితేనే మందు కొట్టాలని మనమే రైతులకు చెబుతున్నాం కదా! మిల్లుకు దూరంగా ఉన్న చేనులో 20కి ఒకటే దొరికింది, అక్కడ ఇప్పుడే మందు వద్దన్నాను. మూడో ఫోటోలో రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్నవి గుడ్డిపూలు. వాటిని గులాబీ మొగ్గలనుకునేరు, పురుగు లోపలే ఉంది. నాలుగో చేనులో లింగాకర్షక బుట్ట ఖాళీ. రైతు సంబరపడ్డాడు. బుట్టలో ఎర పెట్టి నెల దాటిపోయింది, వాసన పోయిన ఎరకు రెక్కల పురుగు ఎందుకొస్తుంది? కొత్త ఎరలు అడిగితే స్టాకు లేదన్నారు. ఇప్పటికీ లేదు.

మీకు తెలియనిది కాదు గానీ, కాయలోకి దూరాక ఏ మందూ పురుగును అందుకోలేదు. గుడ్లు, పిల్ల పురుగులు బయట ఉన్నప్పుడే కొట్టాలి. ఆ అదను చెప్పేవి ఈ బుట్టలే: వరుసగా మూడు రోజులు ఒక్కో బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున పడితే మందుకు వేళైనట్టు. ఎర లేకపోతే రైతు దుకాణంవాడిని అడుగుతాడు. అతను పైరిథ్రాయిడ్ డబ్బా చేతిలో పెడతాడు, పది రోజుల్లో తెల్లదోమ విరుచుకుపడుతుంది. ఆ ఫోటో మాత్రం స్పష్టంగానే వస్తుంది లెండి.

దయచేసి ముందు ఎరలు పంపండి. మిల్లు ఆవరణలోనూ బుట్టలు కట్టించండి, పోయినేటి గింజల్లో నిద్రపోయిన పురుగు అక్కడి నుంచే చేలకు ఎగురుతోంది. లీటరుకు 2 మి.లీ. ప్రొఫెనోఫాస్ చొప్పున హద్దు దాటిన చేలకు మాత్రమే సిఫారసు చేస్తున్నాను, దానికి మీ మాట తోడు కావాలి. డిసెంబరు చివరికల్లా పత్తి కట్టె పీకాలని ఊరూరా దండోరా వేయించండి. నేను చెబితే "ఇంకో తీత వస్తది సారూ" అంటున్నారు. వాళ్ళ అప్పులు వాళ్ళవి, ఏమనగలను?

ఒక్కసారి మీరే రండి సార్. కత్తి నేను తెస్తాను, కాయలు మీరే ఏరి కోయండి.

ఇట్లు,
మీ మండల ఏఈఓ