రక్తం పడటం గురించి స్రవంతికి

హన్మకొండ

చిరంజీవి స్రవంతికి బాపు ఆశీస్సులు.

నెల రోజులుగా విరేచనం తరువాత అప్పుడప్పుడు ఎర్రని రక్తం చుక్కలుగా పడుతున్నదని, మెడికల్ షాపులో మొలల మలాము ట్యూబు కొనుక్కుని రాస్తున్నావని నిన్న మీ అవ్వ చెప్పింది. ఫోనులో ఈ మాటలు మాట్లాడటానికి నువ్వు మొహమాటపడతావు కనుక రాస్తున్నాను.

34 ఏళ్ల వయసులో ఇట్లా రక్తం పడేవారిలో ఎక్కువమందికి కారణం మొలలో, మలద్వారం దగ్గరి చీలికో అవుతుంది. ఇంట్లో ఎవరికీ పేగు క్యాన్సర్ లేనివారికైతే డాక్టరు వేలితో పరీక్షించి, చిన్న గొట్టం పెట్టి చూసి, వేరే ప్రమాద సూచనలేవీ లేకపోతే ముందు మొలలకే మందిచ్చి, తగ్గకుంటే మళ్లీ రమ్మనడం సబబే. నీ విషయంలో అక్కడితో ఆగరాదు, ఎందుకంటే నీ కన్నతండ్రికి 48వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. నాకు మొలలు కూడా ఉన్న మాట నిజమే బిడ్డా. గడ్డ మాత్రం వాటికి పైన, సిగ్మాయిడ్ అనే పేగు వంపులో ఉన్నది. మొలలు కనబడినంత మాత్రాన రక్తం వాటి నుంచే వస్తున్నదని తేలినట్టు కాదు. రక్తం ఎర్రగా ఉన్నదని ధైర్యపడటానికి కూడా లేదు, ఎందుకంటే మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డల నుంచి వచ్చే రక్తం ఎర్రగానే ఉంటుంది.

రక్త సంబంధంలో ముందుగా లెక్కలోకి వచ్చేది తల్లిదండ్రులు, తోడబుట్టినవారు, కన్నబిడ్డలు. వీరిలో ఒకరికి 60 ఏళ్ల లోపు ఈ జబ్బు వస్తే, మిగిలినవారు 40వ ఏటనో, జబ్బు బయటపడిన వయసుకు 10 ఏళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు, మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగంతా చూసే కొలనోస్కోపీ మొదలుపెట్టి, బాగుంటే 5 ఏళ్లకొకసారి చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. నా 48లో 10 తీసేస్తే 38. అందువల్ల ఇంకా నాలుగేళ్లున్నాయని నువ్వు అనుకోవచ్చు. కానీ ఆ 38 ఏ బాధా లేనివారికి చేసే స్క్రీనింగ్ లెక్క. రక్తం పడుతున్న మనిషికి చేసేది స్క్రీనింగ్ కాదు, కారణం వెతికే పరీక్ష, దానికి వయసు గడువు లేదు.

నా గడ్డ ముక్క మీద, కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ఎంఎంఆర్ ప్రొటీన్ల పరీక్ష కూడా చేశారు. నాలుగు ప్రొటీన్లూ ఉన్నాయి కనుక వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ అయ్యే అవకాశం తక్కువన్నారు. అది ఉన్న కుటుంబాలలోనైతే 20, 25 ఏళ్ల మధ్యనే మొదలుపెట్టి, ఒకటి రెండేళ్లకొకసారి చూడవలసి వచ్చేది.

మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష చేయించుకుంటే చాలదా అని అడుగుతావేమో. ఇంట్లో ఈ జబ్బు లేక, ఏ బాధా లేనివారికి, 45 దాటినాక ఏటా చేయించుకోవడానికి అది మంచి పరీక్షే. నీకు రక్తం కంటికే కనబడుతున్నది. అందులో ఏమీ లేదని వచ్చినా, కుటుంబంలో ఈ చరిత్ర ఉండగా దాని మీద భరోసా పెట్టుకోరాదు.

పేగు జబ్బులు చూసే గ్యాస్ట్రో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లు. అక్కడ కూర్చోగానే "నాన్నగారికి 48వ ఏట పెద్దపేగు క్యాన్సర్" అని మొదటి మాటగా చెప్పు. వారు అడిగేదాకా ఆగకు. నా బయాప్సీ రిపోర్టు ఫొటో పంపుతాను, చూపించు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతున్నదో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమను. ఆడవాళ్లలో రక్తం తక్కువైతే నెలసరి మీదికి నెట్టేయడం అలవాటు. పేగు నుంచి పోతున్నదేమో చాలామంది చూడరు. ఐరన్ మాత్రలు వాడుతున్నావు కదా, కొలనోస్కోపీకి సుమారు వారం ముందు ఆపమంటారు, ఎందుకంటే అవి మలాన్ని నల్లగా చేసి పేగు గోడకు అంటుకునేలా చేస్తాయి. రెండు మూడు రోజుల ముందు నుంచి జామ, టమాట వంటి గింజలున్నవి మానాలి. పేగు శుభ్రపడే మందును సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగిస్తారు. రెండోసారిది సగంలో వదిలేసేవాళ్లు ఎక్కువ, అక్కడే పరీక్ష చెడుతుంది. చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి. మురికిగా వస్తుంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న పాలిప్‌లు కనబడవు. రిపోర్టులో గొట్టం పెద్దపేగు మొదలయ్యే సీకమ్ దాకా వెళ్లిందని, పేగు శుభ్రంగా ఉన్నదని రాసి ఉన్నదో లేదో చూసుకో. పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉన్నది కానీ అది వెయ్యి మందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ.

మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లే చూస్తారు. పేగు కోసం ఎవరూ పిలవరు కనుక మనమే వెళ్లాలి. మీ అన్నకు ఏ బాధా లేకపోయినా 39 నిండాయి, అంటే అతని 38 దాటిపోయింది; ఈ నెలలోనే చేయించుకొమ్మని వేరే రాస్తున్నాను. మీ మేనత్త నాకు తోబుట్టువు, ఆమె కూడా చేయించుకోవాలి. ఆమె పిల్లలకు నేను మేనమామను మాత్రమే, కాబట్టి వారి లెక్క ఆమె రిపోర్టు వచ్చినాక చూద్దాం.

మలాము ఆపనవసరం లేదు, కానీ దాని వల్ల రక్తం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేయకు. తేదీ ఖరారు కాగానే చెప్పు, మత్తు ఇస్తారు కనుక ఆ రోజు వెంట ఒకరు ఉండాలి. మీ అవ్వ ముందురోజే బయలుదేరి వస్తుంది.

మీ బాపు